నల్లబల్ల మూలన ఆ తేదీ

తరగతి గదిలో నల్లబల్లకు కుడివైపు పైమూలన ఒక చిన్న గడి ఉండేది. పొద్దున ప్రేయర్ కాగానే క్లాస్ లీడరు వచ్చి నిన్నటి తేదీ తుడిచేసి ఇవాళ్టి తేదీ వేసేవాడు. దాని కింద తరగతి, ఆ కింద 'మొత్తం', 'హాజరు' అని రెండు అంకెలు. పదేళ్ల చదువులో వేలసార్లు చూసిన ఆ మూలను ఎవరూ ప్రత్యేకంగా గుర్తుపెట్టుకోలేదు. ఇప్పుడు చూపిస్తే మాత్రం మరిచిపోలేదని అందరికీ తెలుస్తుంది.

పూర్వ విద్యార్థుల సమ్మేళనానికి పిలుపు వీడియో చేయాలనుకునే బ్యాచ్‌లకు ఇంతకన్నా మంచి మొదలు దొరకదు. జ్ఞాపకాన్ని కదిలించేదీ, కార్యక్రమం ఎప్పుడో చెప్పేదీ ఒకే బొమ్మలో ఉన్నాయి. మామూలుగా ఈ రెండూ విడిపోతుంటాయి. మూడు నిమిషాల వీడియోలో రెండు నిమిషాల యాభై సెకన్లు సినిమా పాట మీద ఫొటోలు గిర్రున తిరుగుతాయి. చివర్లో బంగారు రంగు అక్షరాల్లో తేదీ మెరిసి మాయమైపోతుంది. వీడియో చూసి కళ్లు తుడుచుకున్న వాళ్లే వెంటనే గ్రూపులో "డేట్ ఎప్పుడురా?" అని అడుగుతారు. పిలుపు అందింది కానీ ఎప్పుడు రావాలో అందలేదు.

ఒక ఉదాహరణ తీసుకుని వీడియోను మొదటి నుంచి చివరిదాకా కట్టి చూద్దాం. ఒక జిల్లా పరిషత్ హైస్కూలు. 2001–02 పదో తరగతి బ్యాచ్, ఒకే సెక్షన్, 58 మంది. 2002 మార్చిలో పరీక్షలు రాసి విడిపోయారు. 2027 మార్చికి పాతికేళ్లు నిండుతాయి. సంక్రాంతికి ఎలాగూ సగంమంది ఊరికి వస్తారు కాబట్టి, ఆ సెలవుల్లో పడే ఆదివారం, 17 జనవరి 2027 కుదుర్చుకున్నారు. అప్పుడు పదిహేనేళ్ల పిల్లలు, ఇప్పుడు నలభై ఏళ్ల వాళ్లు. ఈ నలభై అనే వయసు మళ్లీ పనికొస్తుంది, గుర్తుంచుకుందాం.

వీడియో కథ ఒక్క వాక్యంలో ఇదీ: పాతికేళ్ల తర్వాత క్లాస్ టీచర్ మళ్లీ హాజరు పిలుస్తారు.

నిడివి 75 సెకన్లు చాలు. మొదటి 5 సెకన్లు నల్లబల్ల మూల, దాని మీద వీడ్కోలు సభ రోజు తేదీ, వెనక బడి గంట. తర్వాత 12 సెకన్లు ఇప్పటి బడి: గేటు, వరండా, చెట్టు. ఆ తర్వాత అరనిమిషం హాజరు. ఇంకో 10 సెకన్లలో ఒక చెయ్యి వచ్చి పాత తేదీని తుడిచి కొత్తది రాస్తుంది. మిగిలిన కాసేపూ ఆ కొత్త తేదీ కదలకుండా నిలబడుతుంది.

పాత తేదీని ఊహించి వేయకూడదు. వీడ్కోలు సభ ఏ రోజున జరిగిందో ఎవరి ఆటోగ్రాఫ్ పుస్తకంలోనో తప్పకుండా ఉంటుంది. ఆ రోజుల్లో గులాబీ రంగు పేజీలో నాలుగు వరసలు రాసి, కింద సంతకం పెట్టి, పక్కనే తేదీ వేసే అలవాటు. ఒకటికి రెండు పుస్తకాలు చూస్తే సరిపోతుంది. ఆ పేజీనే వీడియోలో చూపించాలనిపిస్తుంది. చూపించవచ్చు కూడా. కానీ ఆ పేజీల్లో ఇంటి చిరునామాలు, ఫోన్ నంబర్లు, ఒక్కోసారి పదిహేనేళ్ల వయసులో రాసుకున్న మాటలు ఉంటాయి. రాసిన వాళ్లను అడగకుండా వాటిని వందమంది చూసే వీడియోలోకి తేవడం న్యాయం కాదు. చేతిరాత, సంతకం, తేదీ ఉన్న మేర మాత్రం తీసుకుంటే చాలు.

ఇక్కడ ఒక చిక్కు. ఆ నల్లబల్ల ఇప్పుడు ఉందా? ఆంధ్రప్రదేశ్‌లో 2019లో మొదలైన 'నాడు–నేడు', తెలంగాణలో 2022లో మొదలైన 'మన ఊరు–మన బడి' పథకాలతో ఎన్నో సర్కారు బడుల రూపు మారింది. ఆకుపచ్చ బోర్డులు వచ్చాయి, కొన్నిచోట్ల గోడకు డిజిటల్ తెరలు వచ్చాయి. పొడుగు బెంచీలు పోయి ఇద్దరు కూర్చునే డెస్కులు వచ్చాయి. బడికి ఇది మంచిదే. వీడియో తీసేవాళ్లు మాత్రం ముందుగా ఒకసారి వెళ్లి చూసి రావాలి. పాత బల్ల స్టోర్‌రూములో ఉంటే హెడ్మాస్టర్‌ గారిని అడిగి బయటికి తీయించవచ్చు. లేకపోతే రెండడుగుల ప్లైవుడ్ ముక్కకు నల్లబల్ల రంగు వేస్తే పని జరుగుతుంది. మనం చూపించేది మూల ఒక్కటే కదా. చిత్రీకరణ ఆదివారం పెట్టుకోవాలి, అదీ హెడ్మాస్టర్ అనుమతితో. ఇప్పుడు చదువుతున్న పిల్లల ముఖాలు వీడియోలో పడకపోవడమే మంచిది.

ఇప్పటి బడిని చూపించే ఆ 12 సెకన్ల వెనక ఏ శబ్దం ఉండాలి? చాలామంది చెయ్యి సినిమా పాట మీదికి పోతుంది. యూట్యూబ్‌లో పెడితే అక్కడి కంటెంట్ ఐడీ వ్యవస్థ పాటను పసిగట్టి వీడియోను ఆపేయవచ్చు. అంతకన్నా పెద్ద ఇబ్బంది, ఆ పాట ప్రతి బ్యాచ్ వీడియోలోనూ ఉంటుంది. ఈ బడికి మాత్రమే చెందిన శబ్దం గంటది. రైలు పట్టా ముక్కను ఇనుప కడ్డీతో కొట్టిన మోత కావచ్చు, ఇత్తడి పళ్లెం గంట కావచ్చు. అది ఇంకా ఉంటే అక్కడికక్కడే రికార్డు చేసుకోవాలి.

దానికి తోడు ప్రేయర్‌లో చెప్పిన ప్రతిజ్ఞ. దేశమంతటా బడిపిల్లలు తమ తమ భాషల్లో చెప్పే ఈ ప్రతిజ్ఞ మొదట పుట్టింది తెలుగులోనే. నల్లగొండ జిల్లా అన్నెపర్తికి చెందిన పైడిమర్రి వెంకట సుబ్బారావు 1962లో విశాఖపట్నంలో ట్రెజరీ అధికారిగా ఉన్నప్పుడు దాన్ని రాశారు. పాతికేళ్లయినా ఒక్కరికీ మాట తడబడదు. మొదటి వాక్యం ఒక్కరి గొంతులో మొదలై, రెండో వాక్యానికి పదిమంది కలిస్తే ఆ ఖాళీ వరండా నిండిపోతుంది. ఎవరి ఇంట్లో వాళ్లు వాయిస్ మెసేజ్‌గా పంపితే, ఎడిటింగ్‌లో ఒకదాని మీద ఒకటి పేర్చుకోవచ్చు. అందరి వేగం ఒకేలా ఉండదు కాబట్టి, ఒకరు ముందు రికార్డు చేసి పంపాలి. మిగతావాళ్లు దాన్ని ఇయర్‌ఫోన్‌లో వింటూ చెప్పాలి. ఫ్యాన్ ఆపి, ఫోన్‌ను నోటికి జానెడు దూరంలో పెట్టుకుంటే గొంతు శుభ్రంగా వస్తుంది.

వీడియోకు గుండెకాయ హాజరు. క్లాస్ టీచర్ నంబర్లు పిలుస్తారు. హైదరాబాద్ నుంచి ఒకరు, దుబాయ్ నుంచి ఒకరు, డాలస్ నుంచి ఒకరు, ఊళ్లోనే ఎరువుల కొట్టు నడిపే ఒకరు "ప్రెజెంట్ సార్" అంటారు. ఒక్కొక్కరికి రెండు సెకన్ల చొప్పున అరనిమిషంలో 14 మంది పడతారు. మరి మిగతా 44 మంది? నా పేరు లేదేం అనే మాట ఇక్కడే పుడుతుంది. ఒకసారి పుట్టిందంటే సమ్మేళనం రోజు దాకా పోదు. అందుకే నంబర్లు వినిపిస్తున్నంతసేపూ తెర మీద హాజరు పట్టీ పేజీ పైకి కదులుతూ ఉండాలి, 58 పేర్లూ అందులో కనిపించాలి.

ఆ పేజీ బడిలోని అసలు రిజిస్టరు మాత్రం కాకూడదు. ప్రవేశాల రిజిస్టరులో కులం, పుట్టిన తేదీ, తండ్రి వృత్తి లాంటి వివరాలుంటాయి. అవి బడి దగ్గర ఉండాల్సినవి, ఫోన్లలో తిరగాల్సినవి కావు. హెడ్మాస్టర్‌ దగ్గర పేర్ల జాబితా సరిచూసుకుని, బ్యాచ్‌లో మంచి చేతిరాత ఉన్నవాళ్లతో గీతల కాగితం మీద కొత్తగా రాయించాలి. చాలా బడుల్లో ఆడపిల్లల పేర్లు ఎర్ర సిరాతో రాసేవారు. అదీ అలాగే రాయిస్తే, చూసిన వాళ్లకు రిజిస్టరు మళ్లీ చేతిలో పట్టుకున్నట్టే ఉంటుంది.

58 మందిలో ఇప్పుడు లేనివాళ్లు ఉంటారు. దండ వేసిన ఫొటో పెట్టి వీణానాదం వినిపిస్తే పిలుపు కాస్తా సంతాపమవుతుంది. హాజరు పద్ధతిలో దీనికి చోటు దానంతట అదే దొరుకుతుంది. టీచర్ ఆ నంబరు పిలుస్తారు. జవాబు రాదు. మూడు సెకన్లు బడి ఆవరణలోని గాలి చప్పుడు మాత్రమే. టీచర్ తర్వాతి నంబరుకు వెళ్తారు. తెలిసిన వాళ్లకు అది చాలు. ఆ కుటుంబాన్ని మాత్రం ముందే అడిగి, వాళ్లు సరేనన్నాకే చేయాలి. ఎవరు ఉన్నారు, ఎవరు లేరు అన్నది ఇంటివాళ్లతో మాట్లాడి నిర్ధారించుకోవాలి. ఎవరో అన్నారని బతికున్న మాస్టారి పేరు ముందు 'కీర్తిశేషులు' చేర్చిన వీడియో ఆయన మనవడి ఫోన్‌కే వస్తే ఎలా ఉంటుందో ఊహించుకోవచ్చు.

జవాబులు వినిపించేటప్పుడు పట్టీతో పాటు తెర మీద నడవాల్సింది పదో తరగతి గ్రూప్ ఫొటో. ముందు వరసలో కుర్చీల్లో టీచర్లు, వెనక బెంచీల మీద పిల్లలు, మెడ సాచి నిలబడ్డ చివరి వరస. ఈ ఫొటోతోనే ఎక్కువమంది దెబ్బతింటారు. గోడకున్న ఫ్రేమును ఫోన్‌తో ఫొటో తీస్తే అద్దం మీద ట్యూబులైటు పడుతుంది. ఆ మసక బొమ్మనే ముఖాలు కనిపించాలని పెంచితే కళ్లూ ముక్కూ కలిసిపోతాయి.

ఫ్రేములోంచి తీసి స్కాన్ చేయించాలి. ఎంత నాణ్యతతో అన్నది చిన్న లెక్క. ఫొటో 12 అంగుళాల వెడల్పు, వరసకు 15 మంది అనుకుందాం. 300 డీపీఐలో స్కాన్ చేస్తే అడ్డంగా 3,600 చుక్కలు వస్తాయి, మనిషికి 240. ఫోన్‌కు సరిపడే నిలువు వీడియో వెడల్పు 1,080 చుక్కలు. అంటే తెర మీద నలుగురు పట్టేదాకా దగ్గరికి వెళ్లవచ్చు, ఇంకా వెళితే చెదురుతుంది. 600 డీపీఐలో అయితే ఇద్దరు పట్టేదాకా వెళ్లవచ్చు. అందుకే 600 అడగాలి. ఫొటో అద్దానికి అతుక్కుపోయి రాకపోతే బలవంతంగా లాగకూడదు, పాతికేళ్ల రంగు పొర ఊడి వచ్చేస్తుంది. అప్పుడు వరండా నీడలో, ఫోన్‌ను ఫొటోకు సమాంతరంగా పట్టి, మూడు ముక్కలుగా తీసి కలుపుకోవాలి.

ఇక తేదీ. బల్ల మీద చెయ్యి పాత తేదీని తుడుస్తుంది. సుద్దముక్క కొనను నీళ్లలో ముంచి రాస్తే, ఆరాక గీత తెల్లగా, మందంగా నిలుస్తుంది. రాసేది ఇంతే:

ఆదివారం
17 జనవరి 2027
ఉదయం 9.30
మన హైస్కూలు

ఆ కింద: మొత్తం 58. హాజరు, ఖాళీ గడి.

వారం పేరు అలంకారానికి కాదు. తేదీ రాయడంలో ఒక అంకె తప్పితే వారంతో పొసగదు, పంపకముందే ఎవరో ఒకరు పట్టేస్తారు. నెలను అంకెలో కాక మాటలోనే రాయాలి. ఇదే బ్యాచ్ 10వ తేదీ పెట్టుకుని 10/01/2027 అని రాస్తే, నెల ముందు రాసే అమెరికా అలవాటులో పడ్డ మిత్రుడు దాన్ని అక్టోబర్ 1 అని చదువుతాడు. సంవత్సరం తప్పనిసరి. పిలుపు వీడియోలు ఫోన్లలో చావవు, వచ్చే ఏడాది డిసెంబరులో ఎవరో మళ్లీ ఫార్వర్డ్ చేస్తారు. విదేశాల్లో ఉన్నవాళ్ల కోసం లైవ్ పెడితే, మనకు ఆదివారం ఉదయం 10 గంటలు డాలస్‌లో శనివారం, 16వ తేదీ రాత్రి 10.30. వాళ్లకు తేదీయే మారిపోతుంది. ఈ వివరాన్ని బల్ల మీద ఇరికించకూడదు, వీడియోతో పాటు పంపే సందేశంలో రాయాలి. రాక తెలియజేయాల్సిన గడువూ అక్కడే. తెర మీద రెండు తేదీలు పడితే, గుర్తుండేది ఏదో చెప్పలేం.

ఆ నాలుగు వరసలు 15 సెకన్లకు పైగా కదలకుండా ఉండాలి. పైకి రెండుసార్లు నిదానంగా చదువుకుని, స్క్రీన్‌షాట్ తీసుకునేంత సమయం అది. అక్షరాల సైజుకు కొలత ఆ నలభై ఏళ్లే. చత్వారం మొదలయ్యే వయసు. బ్యాచ్‌లో ఎవరైనా ఒకరు కళ్లద్దాలు తీసేసి, ఫోన్‌ను చెయ్యి చాచి పట్టుకుని చదవగలిగితే సైజు సరిపోయినట్టు. తేదీ వరస తెర వెడల్పులో ముప్పావు వంతు ఆక్రమించాలి, తెర మధ్యలో ఉండాలి. వాట్సాప్ స్టేటస్‌లో పైన పంపినవారి పేరు, కింద జవాబు పెట్టె వచ్చి కూర్చుంటాయి, అంచుల్లో రాసింది వాటి వెనక్కి పోతుంది.

తెల్ల సుద్ద, నల్ల బల్ల అనడానికి ఇంకో కారణం ఉంది. వీడియో ఫైలు వెలుగునీడల వివరాన్ని పూర్తిగా దాచుకుంటుంది. రంగుల వివరాన్ని మాత్రం అడ్డంగా, నిలువుగా సగానికి తగ్గించి దాస్తుంది. దాని మీద వాట్సాప్ ఇంకోసారి నొక్కి చిన్నది చేస్తుంది. నీలం మీద ఎరుపు అక్షరాలు కంప్యూటర్‌లో ఎంత బాగున్నా, ఫోన్‌కు చేరేసరికి అంచులు కారిపోయేది అందుకే. తెలుపు, నలుపు తట్టుకుంటాయి.

సుద్దరాతతో ఇంకో బాధా తప్పుతుంది. తెలుగు సరిగా తెలియని ఎడిటింగ్ యాప్‌లో టైపు చేస్తే 'పూర్వ విద్యార్థుల' కాస్తా 'పూర్‌వ విద్‌యార్‌థుల' అయిపోతుంది, ఒత్తులన్నీ ఊడి పక్కన పడతాయి. టైపు చేయక తప్పకపోతే రామభద్ర, మండలి లాంటి ఉచిత యూనికోడ్ ఫాంట్లు వాడుకోవచ్చు. గుడులు, ఒత్తులు ఒకదానికొకటి తగలకుండా వరసల మధ్య చోటు పెంచాలి. పూర్తయిన వీడియోను వేరే ఫోన్‌లో ఒకసారి చదివి చూడాలి.

తేదీని గొంతుతో కూడా చెప్పించాలి. ఆఫీసులో శబ్దం లేకుండా చూసేవాళ్లకు రాత, బండి నడుపుతూ వినేవాళ్లకు మాట. ఆ మాట టీచరే చెబితే ఇంకేం కావాలి: "ఆదివారం, జనవరి పదిహేడు. తొమ్మిదిన్నరకల్లా బళ్లో ఉండాలి. ఆలస్యమైతే బయట నిలబెడతాను."

వీడియో బయటికి వదిలే ముందు ఆవరణకు హెడ్మాస్టర్ అనుమతి, కనీసం ఇద్దరు ముగ్గురు టీచర్ల రాక, వంటవాళ్ల అడ్వాన్సు ఖాయమై ఉండాలి. వదిలాక తేదీ మారితే వెనక్కి తెచ్చుకునే దారి లేదు. వాట్సాప్‌లో అందరి దగ్గరా తొలగించే వీలు రెండు రోజుల పైచిలుకు మాత్రమే ఉంటుంది, ఈలోగా వేరే గ్రూపులకు పోయిన కాపీలను అదీ తాకదు. నిజంగా మార్చాల్సి వస్తే పాత వీడియోలో అంకె దిద్ది పంపవద్దు. రెండూ ఒకేలా కనిపించి గందరగోళం రెట్టింపవుతుంది. మొదటి ఫ్రేములోనే 'మారిన తేదీ' అని రాసి, బల్ల మీద పాత తేదీని కొట్టేసి కొత్తది రాస్తున్నట్టు వేరే వీడియో చేయాలి. గ్రూపులో వీడియోను తెరవకముందే కనిపించేది సాధారణంగా ఆ మొదటి బొమ్మే కాబట్టి, నల్లటి తెరతో మొదలుపెట్టకూడదు కూడా.

పనులన్నింటికీ ఒక వరస ఉంది కానీ, ఒకటి మాత్రం వరసను బట్టి ఆగదు. 2002లో యాభై దాటిన మాస్టారికి ఇప్పుడు డెబ్బై అయిదు దాటి ఉంటాయి. స్క్రిప్టు తేలకపోయినా, తేదీ కుదరకపోయినా, ఈ ఆదివారమే ఇద్దరు వెళ్లి ఆయన ఇంట్లో కూర్చుని ఆయన గొంతుతో ఒకటి నుంచి యాభై ఎనిమిది దాకా హాజరు పిలిపించి రికార్డు చేసుకోండి.